తర్లుపాడు పేషెంట్ రిపోర్ట్.. ఎన్ని కంపెనీల చేతుల్లోకి? వెండర్ కాంట్రాక్టులో చాలామంది చదవని పేజీ ఇదే

రక్త పరీక్షకు వెళ్తాం. పేరు, వయసు, ఫోన్ నంబర్ చెబుతాం. సాయంత్రానికి రిపోర్ట్ లింక్ ఫోన్‌కు వచ్చేస్తుంది. ఇంతవరకూ మనకు తెలిసిందే. ఆ లింక్ పంపింది ల్యాబ్ వాళ్లు కాదు, వాళ్లు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అనే సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ కంపెనీకి, ల్యాబ్‌కు మధ్య ఉన్న అగ్రిమెంట్‌లో మన డేటా గురించి ఏం రాశారన్నది కొన్నిసార్లు ల్యాబ్ యజమానికే తెలియదు.

ఈ పేజీ గురించి ఇప్పుడే ఎందుకంటే, డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులోనే వచ్చినా దాని రూల్స్‌ను కేంద్రం 2025 నవంబర్‌లో నోటిఫై చేసింది. ఆ నోటిఫికేషన్ ప్రకారం సంస్థల మీద పడే అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో మొదలవుతాయి. ఇవాళ రెండు మూడేళ్లకు కుదుర్చుకునే అగ్రిమెంట్ ఏదైనా ఆ తేదీ దాటి నడిచేదే. చట్టం వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే సంతకాలు అయిపోయి ఉంటాయి.

హైదరాబాద్‌లో ఏడేళ్ల క్రితం ఏం జరిగింది?

వెండర్ చేతికి వెళ్లిన డేటా మీద తెలుగు రాష్ట్రాల్లో జరిగిన అతి పెద్ద రచ్చ 2019 మార్చిలోనిది. మాదాపూర్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే ప్రైవేటు కంపెనీలో సైబరాబాద్ పోలీసులు సోదాలు చేశారు. తెలుగుదేశం పార్టీకి 'సేవామిత్ర' యాప్ తయారు చేసి నడుపుతున్నది ఆ కంపెనీయే. ఏపీ ఓటర్ల వివరాలు, ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల వివరాలు ఆ యాప్ వెనక ఉన్నాయన్నది పోలీసుల ఆరోపణ. తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. ఏపీ ప్రభుత్వం కూడా పోటీగా సిట్‌లు వేసింది. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ యూఐడీఏఐ ఫిర్యాదు చేసింది. రెండు రాష్ట్రాలకు చెందిన 7,82,21,397 మంది ఆధార్ వివరాలు ఆ కంపెనీ దగ్గర ఉన్నట్టు ఎఫ్ఐఆర్‌లో చేరింది.

ఆరోపణలను టీడీపీ ఖండించింది. అది తమ పార్టీ సొంతంగా కూడబెట్టుకున్న డేటా అని, తమ సమాచారాన్నే ఎత్తుకుపోయారని ఎదురు ఆరోపణ చేసింది. యూఐడీఏఐ కూడా తమ సర్వర్ల నుంచి ఏదీ బయటకు పోలేదని ప్రకటన ఇచ్చింది. ఎన్నికల వేళ కావడంతో టీవీల్లో చర్చంతా రాజకీయంగానే సాగింది. ఎవరు ఎవరి డేటా దొంగిలించారన్నదే హెడ్‌లైన్ అయింది.

రాజకీయం పక్కన పెడితే, ఆ కేసులో అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఆ వివరాలు జనం నుంచి తీసుకున్నప్పుడు ఏ పని కోసమని చెప్పి తీసుకున్నారు? పోలీసులు వివరాల కోసం అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కు, గూగుల్‌కు కూడా లేఖలు రాయాల్సి వచ్చిందంటే, డేటా కంపెనీ ఆఫీసు దాటి ఇంకెక్కడెక్కడ ఉంది? తేడా జరిగిందని అనుమానం వచ్చాక ఆ కోట్లమందిలో ఒక్కరికైనా ఎవరైనా కబురు చెప్పారా? అప్పటికి డేటా రక్షణకు ప్రత్యేక చట్టం లేదు. ఐటీ చట్టం, ఆధార్ చట్టం లాంటి వాటి సెక్షన్లతోనే కేసు నడిపించారు.

ఇప్పుడు చట్టం వచ్చింది. కానీ ఆ మూడు ప్రశ్నలకు జవాబులో సగం చట్టంలో ఉంటే, మిగతా సగం వెండర్‌తో రాసుకునే కాగితానికే వదిలేశారు.

బాధ్యత ల్యాబ్‌ది.. పని మాత్రం కంపెనీది

ఉదాహరణకు మార్కాపురంలో ఒక చిన్న ల్యాబ్ ఉందనుకుందాం. పేరు వద్దు, ఊహించుకున్నదే. తర్లుపాడు, కొనకనమిట్ల, పొదిలి వైపు నుంచి జనం వస్తుంటారు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలిసిన ప్రాంతం కాబట్టి కిడ్నీ ఎలా ఉందో చూసే క్రియాటినిన్ పరీక్షకు వచ్చేవాళ్లూ ఉంటారు. ఈ ల్యాబ్ నెలకు రెండు వేలు కట్టి హైదరాబాద్‌లోని ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతోంది. బిల్లు కొట్టడం, రిపోర్ట్ తయారు చేయడం, ఫోన్‌కు లింక్ పంపడం అన్నీ అందులోనే.

చట్టం భాషలో ల్యాబ్ 'డేటా ఫిడ్యూషియరీ'. అంటే నమ్మకంతో మన వివరాలు తీసుకున్నది, వాటితో ఏం చేయాలో నిర్ణయించేది. సాఫ్ట్‌వేర్ కంపెనీ 'డేటా ప్రాసెసర్'. ల్యాబ్ తరఫున పని చేసిపెట్టేది అన్నమాట. చట్టంలోని 8వ సెక్షన్ రెండు మాటలు గట్టిగా చెబుతుంది. సరైన కాంట్రాక్టు ఉంటేనే ప్రాసెసర్‌ను పెట్టుకోవాలి. ఆ కాంట్రాక్టులో ఏం రాసుకున్నా సరే, చట్టం ముందు జవాబుదారీ మాత్రం ల్యాబే.

అసలు మెలిక ఇక్కడే ఉంది. భద్రత సరిగా పెట్టలేదని తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. లీక్ అయినట్టు చెప్పకపోతే 200 కోట్ల వరకు. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. తప్పు ఎంత తీవ్రమైందో చూసి డేటా ప్రొటెక్షన్ బోర్డు మొత్తం నిర్ణయిస్తుంది, చిన్న ల్యాబ్ మీద కోట్లు వేస్తారని కాదు. కానీ నోటీసు వచ్చేది సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరుకు కాదు, ల్యాబ్ పేరుకు. వెండర్‌ను కట్టడి చేసేదల్లా ల్యాబ్ దగ్గరున్న ఆ కాంట్రాక్టే. అందులో ఏమీ రాసి లేకపోతే, వెండర్‌ను అడగడానికి ల్యాబ్ చేతిలో ఏమీ ఉండదు.

'సేవల మెరుగుదల కోసం' అనే మాట చూశారా?

ముందుగా చూడాల్సింది, డేటాను ఏ పనికి వాడొచ్చు అన్న క్లాజ్. చాలా అగ్రిమెంట్లు వెండర్ తయారు చేసి పంపినవే. అందులో సాధారణంగా కనిపించే మాట ఇలా ఉంటుంది.. 'సేవలు అందించడానికి, వాటిని మెరుగుపరచడానికి, ఇతర వ్యాపార అవసరాలకు కంపెనీ డేటాను వాడుకోవచ్చు'. చదవడానికి ఏ ఇబ్బందీ కనిపించదు. 'ఇతర వ్యాపార అవసరాలు' అన్న ఆ మూడు ముక్కలతోనే తలుపు తెరుచుకుంటుంది.

తర్లుపాడు నుంచి వచ్చిన పెద్దాయన క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నట్టు తేలిందనుకోండి. వారం తిరక్కుండా ఆయన కొడుక్కి ఫోన్ వస్తుంది. "సార్, మీ నాన్నగారి కిడ్నీ రిపోర్ట్ గురించి మాట్లాడాలి, మా దగ్గర మంచి ప్యాకేజీ ఉంది" అంటారు. కొడుకు ల్యాబ్ మీద మండిపడతాడు. ల్యాబ్ యజమాని తనకేమీ తెలియదంటాడు, అది నిజమే కావచ్చు. వెండర్ మాత్రం అగ్రిమెంట్ తీసి చూపిస్తుంది. మెరుగుదల అని, వ్యాపార అవసరం అని మీరే ఒప్పుకున్నారుగా అంటుంది.

పేషెంట్ ఒప్పుకున్నది రక్త పరీక్షకు, దాని రిపోర్ట్‌కు. ల్యాబ్ దగ్గర ఉన్న అనుమతి అంతవరకే. తన దగ్గర లేని అనుమతిని ల్యాబ్ వెండర్‌కు ఎలా ఇస్తుంది? తన సొంత అవసరం కోసం ఆ డేటా వాడటం మొదలుపెట్టిన క్షణం నుంచి వెండర్ ఇక పని చేసిపెట్టే ప్రాసెసర్ కాదు. ఆ వాడకం వరకు తానే నిర్ణయం తీసుకున్న ఫిడ్యూషియరీ అవుతుందన్నది చట్టంలోని నిర్వచనం చదివితే అర్థమవుతుంది. అప్పుడు పేషెంట్ అనుమతి నేరుగా దానికి ఉండాలి. ఉండదు. కానీ ఈ వాదన బోర్డు దాకా వెళ్లి తేలాలంటే ఎన్నాళ్లు పడుతుంది? దానికంటే క్లాజ్ ఇరుకుగా రాసుకోవడమే సులువు.

ఇరుకుగా అంటే పనుల పేర్లు రాయాలి. 'బిల్లు తయారీ, పరీక్ష ఫలితం నమోదు, రిపోర్ట్‌ను పేషెంట్ ఫోన్‌కు పంపడం.. ఈ మూడింటికి మాత్రమే. ల్యాబ్ రాతపూర్వకంగా చెప్పనిదే ఇంకే పనికీ వాడకూడదు' అని. పేర్లు తీసేసి వాడుకుంటాం అని వెండర్ అడిగితే అక్కడ కూడా ఆగి ఆలోచించాలి. చిన్న ఊళ్లో పేరు తీసేసినంత మాత్రాన మనిషి మరుగున పడడు. తర్లుపాడు, 67 ఏళ్లు, మగ, వారానికి రెండుసార్లు డయాలసిస్ అని ఉంటే ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు ఆయనెవరో.

కాంట్రాక్టు ముగిశాక ఏమవుతుందో కూడా ఈ క్లాజ్‌లోనే ఉండాలి. పని అయిపోయాక డేటా చెరిపేయడం, ప్రాసెసర్ చేత చెరిపించడం ల్యాబ్ బాధ్యతేనని చట్టం చెబుతోంది. రికార్డులు కొంతకాలం ఉంచాలని వేరే చట్టం చెబితే అది వేరు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మార్చేసినా పాత కంపెనీ సర్వర్‌లో అయిదేళ్ల రిపోర్టులు అలాగే పడి ఉండటం మామూలే. ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో బ్యాకప్‌తో సహా తీసేస్తారు, తీసేశామని రాసిస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. గొడవపడి విడిపోయాక అడిగితే ఫోన్ కూడా ఎత్తరు.

వెండర్ వెనక ఇంకో వెండర్

చాలామంది అసలు ఆలోచించనిది ఇది. ల్యాబ్ సంతకం పెట్టింది ఒక్క కంపెనీతోనే. కానీ ఆ కంపెనీకి సొంత సర్వర్ లేదు, వేరే కంపెనీ క్లౌడ్ అద్దెకు తీసుకుంది. ఎస్ఎంఎస్ పంపేది మరో కంపెనీ. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఫోన్ ఎత్తే కాల్ సెంటర్ ఇంకొకరిది, వాళ్లకు రిపోర్టులు స్క్రీన్ మీద కనిపిస్తాయి. తర్లుపాడు పెద్దాయన రిపోర్ట్ ఇప్పటికే నాలుగు చేతులు మారింది. వీళ్లనే సబ్ ప్రాసెసర్లు అంటారు. మన భాషలో చెప్పాలంటే సబ్ కాంట్రాక్టర్లే. రోడ్డు పనిలో ఉన్నట్టే ఇక్కడా ఉంటారు. తేడా ఏంటంటే రోడ్డు మీద గుంత కళ్లకు కనిపిస్తుంది.

యూరప్ చట్టం జీడీపీఆర్‌లో దీనికి నేరుగా నిబంధన ఉంది. ముందు రాతపూర్వక అనుమతి లేకుండా ప్రాసెసర్ మరొకరిని పెట్టుకోకూడదు. పెట్టుకుంటే తన మీద ఉన్న షరతులే వాళ్ల మీదా పెట్టాలి. వాళ్లు తప్పు చేస్తే మొదటి ప్రాసెసరే జవాబు చెప్పాలి. మన చట్టంలో 'సబ్ ప్రాసెసర్' అన్న మాటే లేదు. రూల్స్‌లో 6వ రూల్, ప్రాసెసర్‌తో కాంట్రాక్టులో భద్రతకు తగిన నిబంధనలు పెట్టమంటుంది తప్ప, ఆ వెనక గొలుసు గురించి విడిగా చెప్పదు. కాబట్టి రాసుకుంటేనే ఉంటుంది.

రాసుకునేటప్పుడు పెద్ద పెద్ద పదాలు అక్కర్లేదు. వెనక ఉన్న కంపెనీల పేర్లు, ఎవరు ఏ పని చేస్తారు, సర్వర్లు ఏ దేశంలో ఉన్నాయి అని ఒక పట్టిక అడగాలి. కొత్తవాళ్లను చేర్చాలంటే 30 రోజుల ముందు చెప్పాలని, వద్దనే హక్కు ల్యాబ్‌కు ఉండాలని రాయాలి. నిజం చెప్పాలంటే నెలకు రెండు వేలు కట్టే ల్యాబ్ మాట విని ఏ కంపెనీ తన క్లౌడ్‌ను మార్చుకోదు. అలాంటప్పుడు కనీసం నష్టం లేకుండా కాంట్రాక్టు రద్దు చేసుకుని బయటకు వచ్చే వీలైనా ఉండాలి. పట్టిక ఇవ్వలేం, అది మా వ్యాపార రహస్యం అని వెండర్ అంటే మాత్రం అనుమానించాల్సిందే. పెద్ద పెద్ద క్లౌడ్ కంపెనీలే తమ సబ్ ప్రాసెసర్ల జాబితాను వెబ్‌సైట్లలో బహిరంగంగా పెడుతున్నాయి.

ఐటీ గ్రిడ్స్ వ్యవహారంలో పోలీసులకు క్లౌడ్ కంపెనీల దగ్గరకు వెళ్లక తప్పలేదని పైన చెప్పుకున్నాం. పోలీసులకైతే లేఖ రాసే అధికారం ఉంది. గొలుసు తెలియని ల్యాబ్ యజమాని ఎవరికి రాస్తాడు?

లీక్ అయిందని ఎవరు, ఎప్పుడు చెప్పాలి?

ఈ ప్రశ్న ఎంత కీలకమో చూపించే కేసు ఎయిర్ ఇండియాది. ప్రయాణికుల రికార్డులు చూసేది సీటా అనే విదేశీ కంపెనీ, అంటే ఎయిర్ ఇండియాకు ప్రాసెసర్. 2021 ఆరంభంలో సీటా సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు, టికెట్ సమాచారం, కొందరి క్రెడిట్ కార్డు నంబర్లు అందులో ఉన్నాయి. 2011 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా నమోదైన రికార్డులవి. ఆ పదేళ్లలో ఎయిర్ ఇండియా ఎక్కి గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనవాళ్లు ఎంతమందో లెక్క కూడా అందదు.

ఎయిర్ ఇండియా తన ప్రకటనలో చెప్పిన తేదీలు చూడండి. దాడి జరిగిందని సీటా నుంచి మొదటి కబురు ఫిబ్రవరి 25న వచ్చింది. ఎవరెవరి వివరాలు పోయాయన్నది మార్చి 25న, ఏప్రిల్ 5న అందింది. అంటే కబురు తెలిశాక కూడా పేర్లు తెలియడానికి 28 రోజులు, పూర్తిగా తెలియడానికి 39 రోజులు పట్టింది. మార్చి 19న వెబ్‌సైట్‌లో ఒక ప్రకటన పెట్టినా, ప్రయాణికులకు వివరంగా తెలిసేసరికి మే నెల వచ్చింది.

ఇప్పటి రూల్స్ దీనికి వర్తిస్తే ఎలా ఉండేది? 7వ రూల్ ప్రకారం లీక్ సంగతి తెలిసిన వెంటనే, ఆలస్యం లేకుండా, బాధితులు ఒక్కొక్కరికీ చెప్పాలి. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, దానివల్ల ఏం నష్టం రావచ్చు, మీరేం జాగ్రత్త తీసుకోవాలి, ఎవరిని సంప్రదించాలి అన్నీ అర్థమయ్యేలా ఉండాలి. బోర్డుకు కూడా వెంటనే చెప్పాలి, తెలిసిన 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. ఇది కాక సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు ఇప్పటికే అమల్లో ఉన్నాయి. సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు రిపోర్ట్ చేయాలి.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఈ 72 గంటల గడియారం ల్యాబ్ మీద తిరుగుతుంది. వెండర్ ల్యాబ్‌కు ఎన్ని గంటల్లో చెప్పాలన్నది డేటా చట్టంలో ఎక్కడా లేదు. మళ్లీ మన మార్కాపురం ల్యాబ్‌కే వద్దాం. శుక్రవారం రాత్రి ఎస్ఎంఎస్ కంపెనీలో తేడా జరిగింది. వాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీకి సోమవారం చెప్పారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందు తన లాయర్లతో మాట్లాడుకుని, గురువారం ల్యాబ్‌కు ఒక మెయిల్ పెట్టింది. అందులో ఏముంది? 'ఒక ఘటన జరిగింది, విచారణ జరుగుతోంది'. ఎంతమంది పేషెంట్లు, ఏ తేదీల రిపోర్టులు అన్నది లేదు. ఆరు రోజులు గడిచిపోయాయి. ఈలోపు మోసగాళ్లు రిపోర్టులు పట్టుకుని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ల్యాబ్ ఎవరికి చెప్పాలి? పేర్లే తెలియవు.

అందుకే ఈ క్లాజ్‌లో గంటలు రాయాలి. 'వీలైనంత త్వరగా' అన్న మాట రాస్తే అది వెండర్‌కు వీలైనప్పుడే. అనుమానం వచ్చిన 24 గంటల్లో చెప్పాలి, నిర్ధారణ అయ్యేదాకా ఆగకూడదు అని ఉండాలి. సబ్ ప్రాసెసర్ దగ్గర జరిగినా, వెండర్‌కు అది తెలిసిన క్షణం నుంచే గంటలు లెక్కపెట్టాలి. బాధితుల జాబితా 48 గంటల్లో ఇవ్వాలి, పూర్తిగా లేకపోతే ఉన్నంతవరకైనా పంపాలి. ఎవరు ఎప్పుడు డేటా తెరిచారో చెప్పే లాగ్స్‌ను ఏడాదిపాటు ఉంచాలని రూల్స్‌లో ఉంది. అవి వెండర్ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి అడిగినప్పుడు ల్యాబ్‌కు ఇవ్వాలని కూడా రాసుకోవాలి. కబురు వెళ్లాల్సిన ఫోన్ నంబర్ కూడా కాంట్రాక్టులోనే ఉండాలి. రెండేళ్ల క్రితం మానేసిన ఉద్యోగి మెయిల్‌కు పంపి 'మేం చెప్పాం' అనే వెండర్లకు కొదవ లేదు.

డబ్బు సంగతి ఒకటి మిగిలింది. వెండర్ పంపే అగ్రిమెంట్లలో చివర్లో ఒక వాక్యం ఉంటుంది.. 'ఏ నష్టానికైనా కంపెనీ బాధ్యత గత మూడు నెలల ఫీజుకు మించదు'. మన ల్యాబ్ విషయంలో అది 6,000 రూపాయలు. లీక్ తర్వాత పేషెంట్లందరికీ కబురు పంపే ఖర్చుకే చాలదు. డేటా లీక్‌కు ఈ పరిమితి వర్తించదనో, లేదా వేరే పెద్ద పరిమితి ఉంటుందనో రాయించుకోకపోతే పోరాడేది ల్యాబ్ ఒక్కటే.

మరి పేషెంట్‌కు? బోర్డు వసూలు చేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, బాధితుడికి రాదు. ఐటీ చట్టంలో పరిహారం అడిగే వీలు కల్పించే 43ఏ సెక్షన్‌ను కూడా కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక తీసేస్తారు. చట్టం మీద వస్తున్న విమర్శల్లో ఇది గట్టిది. రిపోర్ట్ బయటపడ్డ తర్లుపాడు పెద్దాయనకు చట్టం ఇచ్చేది ఒక కబురు, ఫిర్యాదు చేసే హక్కు. కబురు సమయానికి రాకపోతే అదీ లేనట్టే.

సర్కారు వైపు ఎలా?

ప్రైవేటు ల్యాబ్ సంగతి ఇదైతే, ప్రభుత్వ సేవలకు వెండర్లు ఇంకా ఎక్కువ. 2024 అక్టోబర్‌లో ఏపీ ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్ మొదలైంది. సచివాలయం మెట్లెక్కే పని తగ్గిన మాట నిజం. అయితే మనం పంపే వివరాలు ఏ పనికే పరిమితం, వెనక ఎవరెవరున్నారు, తేడా వస్తే ఎన్ని గంటల్లో చెబుతారు అన్న ఇవే మూడు ప్రశ్నలు ఆ ఒప్పందానికీ వర్తిస్తాయి. పథకాల కోసం చేసే ప్రాసెసింగ్‌కు అనుమతి విషయంలో ప్రభుత్వానికి చట్టం వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు ఉన్నంత మాత్రాన వెండర్‌తో రాసుకునే కాగితం అవసరం తీరిపోదు.

2018లో ఏపీ హౌసింగ్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనిపించేలా ఉన్నాయని ఒక పరిశోధకుడు బయటపెట్టాకే వాటిని తొలగించారు. ఆ లబ్ధిదారులకు ఆ సంగతి తెలిసింది వార్తల ద్వారానే.

ఇలాంటి ఒప్పందాల కాపీని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మొత్తం ఒప్పందం అడిగితే వాణిజ్య రహస్యం అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. కాబట్టి డేటా వాడకం, సబ్ కాంట్రాక్టర్లు, లీక్ సమాచారం గురించిన క్లాజులు మాత్రమే ఇవ్వండని అడగండి. ధరల పేజీ అక్కర్లేదని దరఖాస్తులోనే రాయండి. ప్రైవేటు ల్యాబ్‌కు ఆర్టీఐ వర్తించదు. అక్కడ కౌంటర్ దగ్గరే "నా రిపోర్ట్ ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది?" అని అడగాలి. పేరు చెప్పలేక తడబడితే, ఆ అగ్రిమెంట్‌లో డేటా పేజీని వాళ్లు తెరిచి చూడలేదని అర్థం చేసుకోవచ్చు.